32 బెజ్జాలకు ఎంత రెసిన్ పట్టింది: మా డాబా షెడ్డు పని డైరీ

శుక్రవారం, పని మొదలుపెట్టకముందు

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డాబా మీద కొబ్బరికాయలు ఆరబోసుకోవడానికి, వాన వస్తే బరకాలు పట్టుకుని పరుగెత్తకుండా ఉండడానికి ఇనుప స్తంభాలతో రేకుల షెడ్డు వేయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. ఇన్నాళ్లూ ఆగడానికి కారణం నాన్న. 1996 నవంబరు తుఫానులో మా పాత పెంకుటింటి ముందున్న రేకుల పంచ మొత్తంగా లేచిపోయి చేలో పడింది, అది ఆయన కళ్లారా చూశారు. అందుకే ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: గాలికి రేకు పైకి లాగితే కింద స్తంభాన్ని పట్టుకునేది ఏది?

దానికి జవాబు కాకినాడలో స్ట్రక్చరల్ పని చేసే మా బావ ఇచ్చాడు. 8 స్తంభాలు, ఒక్కోదాని కింద 10 మి.మీ. మందం బేస్ ప్లేటు, ప్లేటుకి నాలుగేసి ఎం12 స్టడ్లు, అవి 12 మి.మీ. మరల కడ్డీలు. అన్నీ కెమికల్ యాంకర్‌తో, బెజ్జంలో రెసిన్ అనే జిగురు నింపి అందులో స్టడ్డు దించి గట్టిపడనివ్వడం. అంటే మొత్తం 32 బెజ్జాలు, 14 మి.మీ. బిట్టుతో 110 మి.మీ. లోతు. మామూలు యాంకర్ బోల్టు బిగించేకొద్దీ లోపల విచ్చుకుని కాంక్రీటుని పక్కలకి నెడుతుంది. మా బీములు 9 అంగుళాల వెడల్పే కాబట్టి అంచు దగ్గర ముక్క ఊడే ప్రమాదం ఉంది. రెసిన్ అలా నెట్టదు, అతుక్కుని పట్టుకుంటుంది. ఎనిమిది స్తంభాలూ బీము మీదే రావాలని, స్లాబు మధ్యలో ఒక్కటి కూడా పెట్టొద్దని బావ గట్టిగా చెప్పాడు. మా స్లాబు మందం 5 అంగుళాలు, అంటే సుమారు 125 మి.మీ. అందులో 110 కొడితే కింద మిగిలేది ఒకటిన్నర సెంటీమీటరు, డ్రిల్లు దెబ్బకి అది కింది గదిలోకి ఊడి పడుతుంది.

ఇక రెసిన్ ఎన్ని ట్యూబులు కొనాలి? మేస్త్రి, "300 మి.లీ. ట్యూబు ఒక్కటి చాలండి, ఇంకా సగం మిగులుద్ది" అన్నాడు. షాపులోనూ అదే మాట. ఈ ట్యూబులు మా ఊళ్లో దొరకవు, రాజమండ్రి నుంచి తెప్పించాలి. పని మధ్యలో అయిపోతే ఆ రోజు పని అక్కడితో ఆగినట్టే, అందుకని నేనే లెక్క వేయడానికి కూర్చున్నాను.

శుక్రవారం రాత్రి, లెక్క

బెజ్జం ఘనపరిమాణంలోంచి స్టడ్డు ఆక్రమించేది తీసేస్తే మిగిలేది రెసిన్. కొలతలు మి.మీ.లో వేస్తే మి.లీ.లో వచ్చే లెక్క ఇది:

```
V = 0.785 × D × D × L ÷ 1000
```

D అంటే వ్యాసం, L అంటే లోతు. 14 మి.మీ. బెజ్జం, 110 లోతు అంటే 16.9 మి.లీ. స్టడ్డుకి కూడా ఇదే లెక్క 12 మి.మీ. పెట్టి వేస్తే 12.4 వస్తుంది. తేడా 4.5 మి.లీ., 32తో గుణిస్తే 144. ట్యూబులో సగం కన్నా తక్కువ! మేస్త్రి మాటే నిజమనిపించింది.

కానీ స్టడ్డు నున్నటి కడ్డీ కాదు కదా, పొడవునా మరలు ఉన్నాయి. 12 మి.మీ. అనేది మరల శిఖరాల దగ్గర కొలత, మరల మధ్య గాడుల్లోకి కూడా రెసినే వెళ్లాలి. అసలు పట్టు వచ్చేదే ఆ గాడుల్లోంచి. ఆ గాడుల ఖాళీ ఎంతో తెలుసుకోవడానికి వంటింట్లో త్రాసు తెచ్చాను. 160 మి.మీ. పొడవున్న స్టడ్లు పదింటిని, నట్లూ వాషర్లూ తీసేసి తూస్తే 1 కిలో 150 గ్రాములు తూగాయి. ఒక్కోటి 115 గ్రాములు. ఉక్కు ఒక మి.లీ. సుమారు 7.85 గ్రాములు ఉంటుంది కాబట్టి 115ని దాంతో భాగిస్తే మొత్తం స్టడ్డు 14.65 మి.లీ., అందులో లోపలికి దిగే 110 మి.మీ. భాగం సుమారు 10 మి.లీ. అంటే 12.4 కాదు, 10. బెజ్జానికి రెసిన్ 4.5 కాదు, దాదాపు 7. ఒక్క మరల లెక్క తప్పితేనే యాభై శాతం పైగా తేడా వచ్చేసింది. 32 బెజ్జాలకు 220 మి.లీ.

సరే, ఇదీ ట్యూబులో పడుతుంది అనుకుంటూ ఫోన్‌లో బావకి చెప్పాను. "బిట్టు కొలిచావా?" అన్నాడు. 14 అని రాసి ఉంది కదా అంటే, కాంక్రీటు బిట్టు మొన దగ్గర వెడల్పుగా ఉంటుంది, వెర్నియర్ పెట్టి చూడమన్నాడు. చూస్తే 14.4. చూడ్డానికి అర మిల్లీమీటరు కూడా లేదు, కానీ అది వ్యాసం కాబట్టి వర్గమై పెరుగుతుంది. బెజ్జం 17.9 మి.లీ., అందులోంచి స్టడ్డు 10 పోతే దాదాపు 8. ఇప్పుడు 32 బెజ్జాలకు 256.

అప్పుడు బావ ఒక మాట అన్నాడు, ఈ డైరీ రాయడానికి కారణం ఆ మాటే. "బావా, నువ్వు బెజ్జంలో మిగిలేదాన్ని లెక్కేస్తున్నావు. కొనాల్సింది గన్‌లోంచి బయటికి వచ్చేదాన్ని." మా ట్యూబు కాగితంలో బెజ్జాన్ని మూడింట రెండొంతులు నింపమని ఉంది. స్టడ్డు దించితే పైకి కొంచెం పొంగాలి, పొంగకపోతే లోపల ఖాళీ ఉన్నట్టు. 17.9లో మూడింట రెండొంతులు 12. 32 బెజ్జాలకు 384, ట్యూబు దాటిపోయింది. అది కాక ట్యూబులోని రెండు భాగాలూ ముందు తగిలించే నాజిల్‌లోనే కలుస్తాయి కాబట్టి, కొత్త నాజిల్ తగిలించిన ప్రతిసారీ మొదట వచ్చేది రంగు కలవని రెసిన్, దాన్ని పారేయాలి, అది 10 నుంచి 15 మి.లీ. రెండు ట్యూబులు, నాలుగు నాజిళ్లు తెప్పించాను. నాజిళ్లు విడిగా అడిగి మరీ తీసుకున్నాను, ట్యూబుతో ఒక్కటే వస్తుంది.

ఆదివారం, డ్రిల్లింగు

మా డాబా మీద నీళ్లు వాలడానికి వేసిన గచ్చు 40 మి.మీ. ఉంది. అది కాంక్రీటు కాదు, దాని పట్టు లెక్కలోకి రాదు. అందుకని ప్లేటు వచ్చే ఎనిమిది చోట్లా గచ్చు కొట్టించి, బీము కాంక్రీటు కనబడేదాకా తీసి, అక్కడి నుంచి 110 కొలిచాం. ఇది వదిలేసి గచ్చు పైనుంచే 110 కొట్టే వాళ్లని చాలా చోట్ల చూశాను, వాళ్లకి కాంక్రీటులో దిగేది 70 మి.మీ. మాత్రమే. డ్రిల్లు బిట్టుకి 110 దగ్గర పసుపు టేపు చుట్టాం.

32లో మూడు చోట్ల కడ్డీ తగిలింది. చేతికి వెంటనే తెలుస్తుంది. బిట్టు దిగడం ఆగిపోయి శబ్దం మారుతుంది, కణకణమంటుంది, పైకి వచ్చే పొడిలో చిన్న చిన్న మెరుపులు కనబడతాయి. అక్కడ ఇంకా బలంగా నొక్కితే బీము కడ్డీ తెగుతుంది, కాబట్టి ఆపేశాం. ప్లేట్లకి ఇంకా బెజ్జాలు వేయలేదు కాబట్టి సరిపోయింది, ఆ మూడూ పక్కకి జరిపి, వెల్డరు ప్లేట్లని దానికి తగ్గట్టు కొట్టాడు. ముందే ప్లేట్లు కొట్టించేసి ఉంటే మూడు ప్లేట్లు పనికిరాకుండా పోయేవి.

మధ్యలో ఆపేసిన ఆ మూడు బెజ్జాలూ సగటున 50 మి.మీ. లోతు. వాటిని అలా వదలకూడదు, కొత్త బెజ్జానికి దగ్గర్లో ఖాళీ ఉంటే అక్కడ కాంక్రీటు బలం తగ్గుతుంది. రెసిన్‌తోనే నింపాలని అనుకున్నాం. లోపల స్టడ్డు ఉండదు కాబట్టి ఒక్కోటి నిండుగా 8 మి.లీ., మూడింటికీ 24. మొదట వేసిన లెక్కలో ఈ ఖర్చు లేదు.

సోమవారం, శుభ్రం చేయడం

ఈ రోజంతా దుమ్ముతోనే గడిచింది. పని ఎక్కువగా కనబడదు గానీ రెసిన్ గోడకి అతుక్కోవాలా, దుమ్ముకి అతుక్కోవాలా అన్నది ఇక్కడే తేలుతుంది. మా కాగితం ప్రకారం నాలుగుసార్లు గాలి కొట్టి, నాలుగుసార్లు తీగ బ్రష్షు తిప్పి, మళ్లీ నాలుగుసార్లు గాలి. సైకిలు పంపుకి సన్నటి గొట్టం తగిలించి బెజ్జం అడుగు దాకా దించి కొట్టాం. పైనుంచి ఊదితే పైదుమ్మే పోతుంది, అడుగున ఉన్నది అక్కడే ఉంటుంది. బ్రష్షు బెజ్జం కన్నా కొంచెం లావుగా ఉండాలి, లోపలికి దించేటప్పుడు బిగుతుగా అనిపించాలి. వదులుగా తిరిగితే ఆ బ్రష్షు అరిగిపోయినట్టే.

మొదటి గాలి కొట్టాక ఒక బెజ్జంలో స్టడ్డు దించి చూస్తే 104 దగ్గర ఆగింది. బ్రష్షు కొట్టి మళ్లీ ఊదితే 110కి దిగింది. 6 మి.మీ. దుమ్ము గట్టిగా పేరుకుని ఉంది.

సాయంత్రం ఎనిమిది చోట్లా బరకాలు కప్పి ఇటుకలు పెట్టాం. ఫిబ్రవరి మంచు మా వైపు డాబాలని వాన పడ్డట్టు తడిపేస్తుంది, తెల్లారేసరికి గచ్చు మీద నీళ్లు నిలుస్తాయి. తడి బెజ్జంలో గట్టిపడే సమయం రెట్టింపు పడుతుందని కాగితంలో ఉంది.

మంగళవారం, రెసిన్

మంచు విడిచాక తొమ్మిదింటికి మొదలుపెట్టాం. మా రెసిన్ 30 డిగ్రీల దగ్గర 4 నిమిషాల్లో బిగుసుకోవడం మొదలవుతుంది, 20 డిగ్రీలైతే 6 నిమిషాలు. మధ్యాహ్నం డాబా ఎలా కాలుతుందో తెలుసు కాబట్టి ట్యూబులు ఇంట్లో నీడలో ఉంచి, ఒక్కోటిగా పైకి తెచ్చాం.

ట్యూబు గన్‌లో పెట్టి, కొత్త నాజిల్ బిగించి, మొదట ఒక అట్టముక్క మీదకి వదిలాను. తెల్లగా ఒక చార, నల్లగా ఒక చార, రెండూ పక్కపక్కనే వచ్చాయి. ఇంకో రెండు నొక్కులకి అవి పాము చారల్లా మెలిపడ్డాయి, ఆ తర్వాత చారలు మాయమై ఒకే బూడిద రంగు వచ్చింది. అప్పటిదాకా వచ్చిందంతా పారేయాలి, గట్టిపడదు. మాకు 15 మి.లీ. దాకా పోయింది. ఆ తర్వాత పిల్లల దగ్గు మందు సీసా మూత, అదే 10 మి.లీ. గీత ఉన్నది, దాన్లోకి వదిలి చూస్తే మా గన్ మూడు నొక్కులకి గీత దాకా వచ్చింది. ఆ మూతలోది కూడా పారేశాం.

నాజిల్ అడుగు దాకా దించి, నొక్కుతూ నెమ్మదిగా పైకి తీయాలి. రెసిన్ నిండేకొద్దీ అదే నాజిల్‌ని పైకి నెడుతున్నట్టు చేతికి తెలుస్తుంది. మొదటి బెజ్జంలో మూడు నొక్కులు వేసి, స్టడ్డుని తిప్పుతూ దించాను. టేపు గుర్తు నేలకి తాకేసరికి బెజ్జం మూతి చుట్టూ బూడిద రంగు రెసిన్ సన్నటి గాజులా పొంగి ఆగింది. అంటే మూడింట రెండొంతుల దాకా వెళ్లకుండానే, సగం మీద కొంచెం ఎక్కువతో మాకు సరిపోతోంది. రెండో బెజ్జమూ అలాగే వచ్చింది, ఇక మూడు నొక్కులే లెక్క పెట్టుకున్నాం.

పన్నెండు బెజ్జాలు అలాగే సాగాయి. పదమూడోది బీము చివర ఉన్న పాత కాంక్రీటులోది. మూడు నొక్కులు వేశాను, నాజిల్‌కి ఎదురు నెట్టే బలం లేదు. ఇంకో మూడు, ఏమీ లేదు. పది నొక్కులయ్యాక కూడా లోపల చీకటిగానే ఉంది. 33 మి.లీ. ఎక్కడికి పోయినట్టు? ఈ ఇల్లు కట్టినప్పుడు కాంక్రీటు చేత్తో కలిపి, తట్టలతో మోసి పోశారు. అక్కడ కంకర మధ్య సిమెంటు చేరక తేనెపట్టులా ఖాళీలు మిగిలాయన్నమాట. ఆ బెజ్జంలో ఇంకా నొక్కుతూ పోతే ట్యూబు మొత్తం తాగేస్తుంది, అయినా స్టడ్డు చుట్టూ సమంగా నిండుతుందన్న నమ్మకం లేదు. బావకి ఫోన్ చేశాను. స్టడ్డు పెట్టకుండా వదిలేయి, గట్టిపడ్డాక అదే చోట మళ్లీ 14 బిట్టుతో కొట్టి, శుభ్రం చేసి, కొత్తగా నింపు, రెండోసారి కూడా అలాగే తాగితే ఆ చోటే వదిలెయ్యాలి అన్నాడు.

ఆ ఫోన్ ఏడు నిమిషాలు సాగింది. తిరిగొచ్చేసరికి నాజిల్ లోపల రెసిన్ రాయైపోయింది. కొత్త నాజిల్ బిగించి, తొందరలో ఒక్క నొక్కు మాత్రమే పారేసి పద్నాలుగో బెజ్జం నింపేశాను. రంగు సరిగ్గా చూడలేదు. ఇది పూర్తిగా నా తప్పు, దాని ఫలితం మర్నాడు తేలింది.

ఇరవై నాలుగో బెజ్జం దగ్గర మొదటి ట్యూబు అయిపోయింది. మేస్త్రి ట్యూబు వెనక్కి తిప్పి నొక్కి చూసి, నా వైపు చూసి ఊరుకున్నాడు. రెండో ట్యూబు తెచ్చి, మళ్లీ చారలు పోయేదాకా 15 మి.లీ. పారేసి, మిగతా ఎనిమిదీ నింపి, ఆపేసిన మూడింటినీ నిండుగా నింపాం. నింపాక ఆ పూట ఎవరినీ స్టడ్ల వైపు రానివ్వలేదు. తగిలితే కదిలిపోతాయని ఒక్కో గుంపు చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చాను.

బుధవారం, పరీక్ష

పొద్దున్నే ఒక్కో స్టడ్డునీ చేత్తో తిప్పి చూశాను. ముప్పై కదల్లేదు. పద్నాలుగోది తిరిగింది. మూతి దగ్గర రెసిన్‌ని గోటితో గీకితే మైనంలా మెత్తగా లేచింది, రంగు కూడా పక్కవాటికన్నా తెల్లగా ఉంది. సరిగ్గా కలవని రెసిన్ ఇలాగే ఉంటుంది, వారం ఆగినా గట్టిపడదు. నట్టు రెండు బిగించి పైకి లాగితే స్టడ్డు వచ్చేసింది. బెజ్జం మళ్లీ డ్రిల్లు చేసి, పాత రెసిన్ అంతా గీకి, గాలి, బ్రష్షు, గాలి. పదమూడో బెజ్జంలో నింపినది రాయిలా ఉంది, దాన్నీ మళ్లీ కొట్టాం. కొత్త నాజిల్, 15 మి.లీ. పారేయడం, రెండు బెజ్జాలకీ మూడేసి నొక్కులు. ఈసారి పదమూడులో కూడా మూతి దగ్గర గాజు పొంగింది. చూసి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

గురువారం

ప్లేట్లు దించి, వాషర్లు వేసి, టార్క్ రెంచ్‌తో మా కాగితంలో ఉన్న 40 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించాం. అన్నీ క్లిక్‌మన్నాయి, పదమూడూ పద్నాలుగూ కూడా. ఉప్పుగాలి కాబట్టి స్టడ్లు వేడి జింకులో ముంచినవే వాడాం. బిగించాక నట్ల దగ్గర పూత గీసుకున్న చోట్ల జింక్ పెయింటు వేశాను.

ఇక ఖర్చు లెక్క. మొదటి ట్యూబు 300 పూర్తిగా. రెండో దాన్లోంచి పారేసింది 15, ఎనిమిది బెజ్జాలకి 80, ఆపేసిన మూడింటికి 24, బుధవారం పారేసింది 15, రెండు బెజ్జాలకి 20, మొత్తం 154. రెండూ కలిపితే 454 మి.లీ., అంటే బెజ్జానికి 14 పైచిలుకు. లోపల స్టడ్డు చుట్టూ నిజంగా ఉన్నది 8. మిగతా ఆరులో మూతి దగ్గర పొంగింది రెండు, తక్కినది నాజిళ్లలోనూ, తేనెపట్టులోనూ, నా తొందరలోనూ పోయింది. పదమూడు, పద్నాలుగు బెజ్జాల గొడవ లేకపోయి ఉంటే 384తో అయ్యేది, అప్పుడూ ఒక్క ట్యూబు చాలేది కాదు.

ఇది ఎం12కి, 14 బెజ్జానికి వచ్చిన లెక్క. 12 మి.మీ. కడ్డీని 16 బెజ్జంలో దించితే చుట్టూ సందు రెట్టింపు ఉంటుంది, అదే 110 లోతుకి ఖాళీయే దాదాపు 9.7 మి.లీ. అవుతుంది, వర్గం లెక్క మళ్లీ వేసుకోవాలి. నాజిల్ దగ్గర పోయేది మాత్రం బెజ్జాల సంఖ్యతో పెరగదు, ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు పోతుంది. అందుకే పది బెజ్జాల చిన్న పనిలో అది పెద్ద వాటా అవుతుంది.

రెండో ట్యూబులో 146 మి.లీ. మిగిలింది. నాజిల్ తీయకుండా అలాగే ఉంచాను, లోపల గట్టిపడిందే మూతలా పనిచేస్తుంది. గడువు నవంబరు దాకా ఉంది. వెనక గేటు కీళ్లకి నాలుగు స్టడ్లు వేయాలి, ఆ పని ఎండలు ముదరకముందే చేసేస్తాను. రేపు స్తంభాలు నిలబెడుతున్నాం.